రక్తపరీక్ష ఎక్కడ ఆగిపోయింది?

ఇంగ్లండ్‌లో స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్ర మానసిక వ్యాధులున్నవారికి ఏటా ఆరు అంశాలు చూడాలి: బరువు, రక్తపోటు, చక్కెర, కొవ్వు, పొగతాగుడు, మద్యం. స్కిజోఫ్రీనియాపై అక్కడ 2013లో జరిగిన రెండో విడత జాతీయ ఆడిట్‌లోనూ, గుండెజబ్బు ముప్పును తెలిపే పరీక్షలన్నీ జరిగినవారు మూడోవంతే.

ఒక క్లినిక్‌లో 40 మంది ఉన్నారనుకుందాం. గత 12 నెలల కేసుషీట్లు తిరగేస్తే ఆరూ పూర్తయినవారు 14 మంది. బరువు, రక్తపోటు దాదాపు అందరికీ రాశారు. ఆగిపోయింది రక్తపరీక్ష దగ్గరే. రోగిని మరో రోజు, మరో చోటికి రమ్మంటున్నారు. మందుల ఇంజెక్షన్‌కు వచ్చిన రోజే నర్సు రక్తం తీస్తే ఆ చిక్కు తీరుతుంది. వద్దన్నవారిని విడిగా రాయాలి, లెక్కలోంచి తీసేయకూడదు. చక్కెర ఎక్కువుంటే తర్వాత ఏం చేశారన్నదీ చూడాలి.

మళ్లీ ఆడిట్ ఎప్పుడు?

మూడు నెలలకే చేస్తే తప్పుదారి పడతారు. వెనక్కి చూసే 12 నెలల్లో తొమ్మిది పాత పద్ధతివే కదా! అందుకే నెలనెలా పది కేసుషీట్లు చూసుకుంటూ, పూర్తి ఆడిట్‌ను మార్పు మొదలైన ఏడాది తర్వాత, అవే ప్రమాణాలతో చేయాలి.