మన ఊరి ఏడున్నర, వాళ్ల ఊరి తొమ్మిది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. ప్రాజెక్టుల గురించి చెబితే మీకు నిద్ర వస్తుంది. అందుకే మొన్నటి నవంబరులో ఒక చిన్న ఆహ్వానపత్రం తెలుగులోకి రాయబోయి నేను చేసిన మూడు తప్పుల గురించి చెబుతాను. వాటి వల్ల ఇబ్బంది పడ్డవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు కాబట్టి అబద్ధం చెప్పడానికి వీలు లేదు.

ఈ ఉత్సవం ఏర్పాట్ల కోసం ఆన్‌లైన్‌లో ఒక సమావేశం పెట్టాలనుకున్నాం. మనవాళ్లు హుజూర్‌నగర్‌లో, హైదరాబాద్‌లో ఉన్నారు. న్యూజెర్సీ, డల్లాస్, లండన్, దుబాయ్, మెల్‌బోర్న్‌లలో కూడా ఉన్నారు. న్యూజెర్సీ మిత్రుడు ఇంగ్లీషులో ఆహ్వానం పంపాడు. 2025 నవంబరు 1, శనివారం, రాత్రి 9:30, ఈఎస్‌టీ అని అందులో ఉంది. ఆ రోజు మన లెక్కల సారు కూడా మాట్లాడతారని రాశాడు. సారుకు ఎనభై దాటాయి. నలభై ఏళ్ల తర్వాత ఆయన గొంతు వినబోతున్నామని అందరికీ సంబరం. దాన్ని తెలుగులో పెట్టి, ఎవరి ఊరి సమయం వాళ్లకు రాసి పంపే పని నాకు అప్పగించారు.

ఈఎస్‌టీ అంటే అమెరికా తూర్పు ప్రాంతపు ప్రామాణిక సమయం. అది మనకు పదిన్నర గంటలు వెనక ఉంటుంది. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు పదిన్నర కలిపితే ఆదివారం ఉదయం ఎనిమిది. కూడిక సరిగానే ఉంది. ఆదివారం ఉదయం 8 గంటలకు అని రాసి పంపాను.

సారు తెల్ల చొక్కా వేసుకుని ఎనిమిదికి పది నిమిషాల ముందే మనవడి ఫోను ముందు కూర్చున్నారు. అటువైపు మనవాళ్లు మాత్రం మన ఏడు గంటలకే చేరారు. సారుకు ఒంట్లో బాగా లేదేమో, ఫోను చేసి ఇబ్బంది పెట్టడం ఎందుకని ముప్పావు గంట చూసి చాలామంది వెళ్లిపోయారు. సారు లైనులోకి వచ్చేసరికి మిగిలింది నలుగురు.

తప్పెక్కడ జరిగింది? అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పుతాయి, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతాయి. డేలైట్ సేవింగ్ అంటే ఇదే. ఆ వేసవి లెక్క నడిచే కాలంలో న్యూజెర్సీ సమయాన్ని ఈడీటీ అంటారు. అప్పుడు మనకూ వాళ్లకూ తేడా తొమ్మిదిన్నర గంటలే. గత ఏడాది గడియారం వెనక్కి తిప్పింది నవంబరు 2 తెల్లవారుజామున. మన సమావేశం దానికి కొన్ని గంటల ముందు, వేసవి లెక్క చివరి రాత్రి. మావాడు ఏడాది పొడవునా అలవాటుగా ఈఎస్‌టీ అనే రాస్తాడు. అక్కడ చాలామంది అంతే. వాడి ఉద్దేశం తన గోడ మీది గడియారంలో తొమ్మిదిన్నర. నేను అక్షరాలను నమ్మాను. ఆ ఒక్క అక్షరం తేడాయే ఒక గంట.

రెండో తప్పు ఇంకా తమాషాగా జరిగింది. మరుసటి శనివారం, అంటే నవంబరు 8న, అదే తొమ్మిదిన్నరకు మళ్లీ పెట్టుకుందామన్నారు. దెబ్బతిన్నవాణ్ని కదా, ఈసారి ధైర్యంగా ఉదయం 7 గంటలు అని రాశాను. కానీ ఈలోగా అమెరికా గడియారం వెనక్కి తిరిగింది. ఇప్పుడు ఈఎస్‌టీ నిజంగానే ఈఎస్‌టీ, తేడా పదిన్నర గంటలు, సరైన సమయం ఎనిమిది. మొదటివారం రాయాల్సిన ఏడును రెండోవారం, రెండోవారం రాయాల్సిన ఎనిమిదిని మొదటివారం రాశానన్నమాట. ఈసారి సారు గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చున్నారు.

మూడో తప్పు లెక్కలో కాదు, తెలుగులో. మొదటి సమావేశం లండన్ మిత్రుడికి ఎన్ని గంటలకవుతుందో చూస్తే, నా తప్పు లెక్క ప్రకారమే ఆదివారం అర్ధరాత్రి దాటాక రెండున్నర వచ్చింది. వాడు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే డాక్టరు, మేలుకునే ఉంటానన్నాడు. ఇంగ్లీషు పద్ధతిలో రాత్రి పన్నెండు దాటగానే ఆదివారం. దాన్నే నేను తెలుగులో ‘ఆదివారం రాత్రి 2:30’ అని రాశాను. తెలుగువాడికి ఆదివారం రాత్రి అంటే ఏమిటి? ఆదివారం పగలంతా గడిచాక వచ్చే రాత్రి. వాడు సరిగ్గా ఇరవై నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చి, ‘ఎవరూ లేరేందిరా’ అని మెసేజ్ పెట్టాడు.

మన పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో. పన్నెండు కొట్టినంత మాత్రాన మనకు రోజు మారదు. ఈ చిక్కు మన పెద్దలకు తెలుసు. అందుకే పెళ్లి శుభలేఖల్లో ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే, ‘శనివారం రాత్రి గం. 2-30 ని.లకు, తెల్లవారితే ఆదివారం’ అని రాస్తారు. చిన్నప్పటి నుంచీ వందల శుభలేఖలు చూశాను. పంచాల్సిన రోజు మాత్రం గుర్తు రాలేదు. తేదీలు కలిసే చోట దీనికన్నా స్పష్టమైన మాట ఏ భాషలోనూ నేను చూడలేదు.

రెండోసారి కూడా తప్పు జరిగాక సారుకు క్షమాపణ చెప్పడానికి ఇంటికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. ‘కూడిక తప్పలేదురా. ఏ మూల నుంచి కొలుస్తున్నావో రాయలేదు. మెట్లు రాయకుండా జవాబు రాస్తే నేను మార్కులు ఇచ్చేవాణ్నా?’ అన్నారు. కాగితం తెచ్చుకొని అక్కడే మెట్లు రాశాను.

మొదటి మెట్టు: కొలత మొదలుపెట్టే ఊరు ఒకటి ఉండాలి. మన దేశంలో గడియారం ఏడాదిలో ఎప్పుడూ మారదు, కాబట్టి ఆ ఊరు హుజూర్‌నగరే కావాలి. అప్పుడు సారుకు సమయం ఎన్నడూ మారదు. మార్పు వస్తే విదేశాల్లో ఉన్నవాళ్లకే వస్తుంది, గడియారం తిప్పుకునేవాళ్లకు అది అలవాటే.

రెండో మెట్టు: అక్కడి నుంచి నేరుగా న్యూజెర్సీకి దూకకూడదు. ముందు ప్రపంచమంతా కొలిచే యూటీసీకి రావాలి. మనం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. ఆ అరగంట ఎందుకంటే, మన ప్రామాణిక సమయం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ మన తెలుగునాట కాకినాడ సమీపం నుంచి వెళ్తుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కిస్తే అయిదున్నర గంటలు వస్తుంది. హుజూర్‌నగర్ ఇంచుమించు 80 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి మన నెత్తిమీదికి సూర్యుడు పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. అయినా గడియారం అందరికీ ఒకటే.

మూడో మెట్టు: యూటీసీ నుంచి ఒక్కో ఊరికి, ఆ తేదీన అక్కడ అమల్లో ఉన్న తేడాతో వెళ్లాలి. ‘ఆ తేదీన’ అన్నదే కీలకం.

మూడో సమావేశం నవంబరు 23, ఆదివారం ఉదయం 7:30కి పెట్టాం. ఏడున్నర నుంచి అయిదున్నర తీసేస్తే యూటీసీ ఆదివారం 2:00. న్యూజెర్సీ ఆ రోజు యూటీసీకి అయిదు గంటలు వెనక, అంటే శనివారం రాత్రి 9:00. డల్లాస్ ఆరు గంటలు వెనక, శనివారం రాత్రి 8:00. లండన్ చలికాలంలో యూటీసీతో సమానం. దుబాయ్ నాలుగు గంటలు ముందు, ఆదివారం ఉదయం 6:00. మెల్‌బోర్న్‌లో అప్పుడు వేసవి లెక్క నడుస్తుంది కాబట్టి పదకొండు గంటలు ముందు, ఆదివారం మధ్యాహ్నం 1:00. ఆహ్వానం ఇలా వెళ్లింది:

‘23-11-2025 ఆదివారం ఉదయం గం. 7-30 ని.లకు, హుజూర్‌నగర్ సమయం. న్యూజెర్సీ వారికి 22వ తేదీ శనివారం రాత్రి 9-00. డల్లాస్ వారికి శనివారం రాత్రి 8-00. లండన్ వారికి శనివారం రాత్రి 2-00, తెల్లవారితే 23వ తేదీ ఆదివారం. దుబాయ్ వారికి ఆదివారం ఉదయం 6-00. మెల్‌బోర్న్ వారికి ఆదివారం మధ్యాహ్నం 1-00.’

ఇందులో ఈఎస్‌టీ లాంటి అక్షరాలు ఎక్కడా లేవు, ఊళ్ల పేర్లే ఉన్నాయి. అక్షరాలకు రెండర్థాలుంటాయి. సీఎస్‌టీ అంటే డల్లాస్‌కు ఒకటి, చైనాకు మరొకటి. కంప్యూటర్ క్యాలెండర్‌లో కూడా ఊరి పేరుతో ఉన్న Asia/Kolkata, America/New_York లాంటివే ఎంచుకోవాలి. వాటి వెనక ఏ తేదీన గడియారం తిరుగుతుందన్న నియమాలు ఉంటాయి. పక్క ఊరైనా ఊహించుకోకూడదు. మెల్‌బోర్న్ గడియారం తిప్పుతుంది, బ్రిస్బేన్ తిప్పదు. అమెరికాలో అరిజోనాలో ఎక్కువ భాగం తిప్పదు.

పంపే ముందు ఒక సరిచూపు కూడా పెట్టుకున్నాం. ఒక్కో ఊళ్లో ఒకరు తమ వరుస చదివి, అది హుజూర్‌నగర్‌లో ఎన్ని గంటలో నాకు తిరిగి చెప్పాలి. అందరూ ఏడున్నర అంటేనే ఆహ్వానం వెళ్తుంది. మరో చిన్న మాట. ‘సమావేశాన్ని గంట ముందుకు జరిపాం’ అని రాయడం మానేశాను. ఒకరు ఆరున్నర అనుకుంటారు, ఇంకొకరు ఎనిమిదిన్నర అనుకుంటారు. కొత్త గంట ఏదో అదే రాస్తున్నాను.

నవంబరు 23న సారు ఏడున్నరకు మాట్లాడడం మొదలుపెట్టారు. అన్ని ఊళ్ల నుంచీ మనవాళ్లు ఉన్నారు. లండన్ డాక్టరు కూడా వచ్చాడు. సారు హాజరు పట్టీ పిలిచినట్టు ఒక్కొక్కరి పేరు పిలిచారు. ‘వచ్చాను సార్’ అని చెప్పే అవకాశం ఆ ఉదయం మళ్లీ దొరికింది.

చివరగా ఒక ప్రకటన. ఈ ఉత్సవం తర్వాత కూడా మన నెలవారీ సమావేశం ఆదివారం ఉదయం ఏడున్నరకే ఉంటుంది. 2026 మార్చి 8న అమెరికా గడియారం ముందుకు తిరుగుతుంది. ఆ తర్వాత న్యూజెర్సీ వారికి శనివారం రాత్రి తొమ్మిది కాదు, పది. మార్చి 29న లండన్ మారుతుంది, ఏప్రిల్ 5న మెల్‌బోర్న్ వెనక్కి వస్తుంది. ఈ మధ్య నెల రోజుల్లో వచ్చే ఆహ్వానాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. అందులో తప్పుంటే నాకు ఫోను చేయండి, సారుకు కాదు.