మార్కుల లెక్క కూడా అమానతే
(సొసైటీ వార్షిక సభలో మా పాఠశాల ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో ఖజాంచీ సాహెబ్ జమాఖర్చులు చదువుతారు. ఆ తరువాత మేము పాఠశాల నివేదిక చదువుతాం. ఖర్చుల లెక్కకు రసీదులుంటాయి, ఆడిటర్ సంతకం ఉంటుంది. మార్కుల లెక్కకు అవేమీ ఉండవు. మేము ఏ బొమ్మ గీసి చూపిస్తే అదే మీరు నమ్మాలి. అందుకే ఈసారి నివేదిక ఎలా తయారైందో, అందులో ఏ వాక్యాన్ని ఎందుకు కొట్టేశామో మీ ముందు పెట్టాలనుకున్నాం.

మీలో చాలామందికి తెలిసిన విషయమే. 2023 డిసెంబరు నుంచి పదో తరగతి పిల్లలకు మగ్రిబ్ తరువాత గణితం ట్యూషన్ నడిపాం. మాస్టారి జీతం, కరెంటు, పుస్తకాలు అన్నీ మీ జకాత్, సదఖా, చందాల నుంచే వచ్చాయి. 2024 మార్చిలో పిల్లలు పబ్లిక్ పరీక్షలు రాశారు. ఫలితాలు వచ్చాక మేము రాసిన మొదటి చిత్తుప్రతిలో ఇలా ఉంది: “దాతల సహాయంతో నడిచిన ట్యూషన్ వల్ల మన ఉత్తీర్ణత 74 శాతం నుంచి 92 శాతానికి పెరిగింది.” పక్కనే రెండు కడ్డీల పటం. 2023 కడ్డీ పొట్టిగా, 2024 కడ్డీ దానికి అయిదు రెట్లకు పైగా ఎత్తుగా కనిపిస్తోంది.

కమిటీలో ఒక పెద్దాయన ఆ కాగితం చూసి, “మాస్టారూ, 74కు 92 అయిదు రెట్లు ఎలా అవుతుంది?” అని అడిగారు. ఆయన కలప వ్యాపారి. కొలత తేడా ఆయన కంటికి వెంటనే తగులుతుంది. చూస్తే, డీటీపీ చేసిన అబ్బాయి పటం బాగా కనబడాలని పక్క గీతపై అంకెలను సున్నా నుంచి కాక 70 నుంచి మొదలుపెట్టాడు. 70 పైన ఒక కడ్డీ 4 గీతలు, ఇంకోటి 22 గీతలు లేచింది. అంకె ఒక్కటీ తప్పు కాదు, కానీ బొమ్మ అబద్ధం చెబుతోంది. తూకంలో దగా చేసేవారి గురించి ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. పటం పక్కన నిలబడే గీత కూడా మాకు తక్కెడ లాంటిదే. సున్నా నుంచి మళ్లీ గీయిస్తే, 2024 కడ్డీ 2023 కడ్డీ కంటే దాదాపు నాలుగో వంతు మాత్రమే ఎత్తుగా వచ్చింది.

అక్కడితో ఆగుదామనుకున్నాం. కానీ ఆ పెద్దాయన ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. శాతం అనే మాట వెనుక ఎంతమంది పిల్లలున్నారో లెక్క తీశాం. 2023లో పరీక్ష రాసినవారు 38 మంది, పాసైనవారు 28 మంది. 2024లో రాసినవారు 25 మంది, పాసైనవారు 23 మంది. పాతిక మంది ఉన్న తరగతిలో ఒక్క బిడ్డ అంటే 4 శాతం. పరీక్ష రోజున ఒకరికి జ్వరం వచ్చి తప్పితే 92 కాస్తా 88 అవుతుంది. అంత చిన్న తరగతిలో శాతం మాత్రమే రాస్తే అది అసలు విషయాన్ని దాచేస్తుంది. అందుకని ఈసారి ప్రతి కడ్డీ మీద “38 మందిలో 28”, “25 మందిలో 23” అని రాయించాం. శాతాన్ని కింద చిన్న అక్షరాల్లో పెట్టాం.

తరువాత రాష్ట్రం లెక్క పక్కన పెట్టి చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2023లో 72.26 శాతం, 2024లో 86.69 శాతం. అంటే మన ట్యూషన్ సంగతి తెలియని ఊళ్లలో కూడా ఆ ఏడు ఫలితాలు 14 శాతం పాయింట్లు పైకి జరిగాయి. చెరువులో నీళ్లు పెరిగినప్పుడు అన్ని పడవలూ పైకి లేస్తాయి. మన పడవ ఒక్కటే లేచిందని చెప్పుకోవడం న్యాయం కాదు. రాష్ట్రం సగటు ప్రకారం చూస్తే మన పాతిక మందిలో సుమారు 22 మంది పాసవ్వాలి. మనవాళ్లు 23 మంది పాసయ్యారు. తేడా ఒక్కరు.

ఇక అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. పరీక్ష రాసింది 25 మంది. జూన్‌లో హాజరుపట్టీలో ఎంతమంది ఉన్నారు? 29 మంది. ఒకరు టీసీ తీసుకుని వేరే ఊరి బడిలో చేరారు. ఆ బిడ్డను మన లెక్కలో ఉంచకూడదు. మిగిలింది 28. వారిలో ముగ్గురి పేర్లు నామినల్ రోల్‌లోకే రాలేదు. ఒకరు మోటారు మెకానిక్ షెడ్డులో పనికి కుదిరారు. ఒకరు తల్లికి జబ్బు చేసి ఇంటిపట్టున ఉండిపోయారు. ఒకరు గణితం భయంతో బడి మానేశారు. “రాసినవారిలో ఎంతమంది పాసయ్యారు” అని మాత్రమే చూపిస్తే ఈ ముగ్గురూ మాయమైపోతారు. పైగా వాళ్లు మానేసిన కొద్దీ మన శాతం పెరుగుతుంది కూడా! వెనుకబడిన పిల్లల్ని పరీక్షకు కూర్చోబెట్టకపోతే ఏ బడికైనా నూరు శాతం వస్తుంది.

అందుకే రెండో పటం గీశాం. ఇది చాలా సులువు, గళ్ల కాగితం చాలు. ఒక్కో బిడ్డకు ఒక్కో గడి. 28 గళ్లలో 23 నిండు గళ్లు పాసైనవారు. 2 గీతల గళ్లు తప్పినవారు. 3 ఖాళీ గళ్లు పరీక్షకే రానివారు. దాని కింద 2023 వరుస: 40 గళ్లలో 28 నిండు, 10 గీతలు, 2 ఖాళీ. ఇలా చూస్తే 40 మందిలో 28 మంది నుంచి 28 మందిలో 23 మందికి వచ్చాం. అంటే 70 శాతం నుంచి 82 శాతానికి. మెరుగుదల ఉంది, కాదనడం లేదు. కానీ ఆ మూడు ఖాళీ గళ్లు కూడా మీ కళ్లబడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ట్యూషన్ పనిచేసిందా, లేదా? డబ్బిచ్చినవారు అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిందీ ఇదే.

ట్యూషన్‌కు 14 మంది వచ్చారు, 11 మంది రాలేదు. పబ్లిక్ పరీక్షలో గణితం సగటు మార్కులు వచ్చినవారికి 55, రానివారికి 44. పదకొండు మార్కుల తేడా! చిత్తుప్రతిలో మేము దీన్నే పెద్ద అక్షరాల్లో వేశాం. తరువాత ట్యూషన్ మొదలుకాక ముందు జరిగిన అర్ధ సంవత్సరం పరీక్ష మార్కులు తీసి చూశాం. అప్పటికే వచ్చినవారి సగటు 38, రానివారి సగటు 30. అంటే ముందునుంచే కాస్త బాగా చదివే పిల్లలే ట్యూషన్‌కు వచ్చారు. వచ్చినవారు 17 మార్కులు పెరిగితే, రానివారు కూడా 14 మార్కులు పెరిగారు. పదకొండు మార్కులనుకున్న తేడా మూడు మార్కులకు దిగింది.

సగటులో ఇంకో చిక్కు కూడా ఉంది. మూడో పటంలో ఒక్కో బిడ్డకు ఒక్కో గీత గీశాం. ఎడమవైపు అర్ధ సంవత్సరం మార్కు, కుడివైపు పబ్లిక్ మార్కు. గీతలన్నీ ఒక తీరుగా పైకి వెళ్తుంటే, ఒక్క గీత మాత్రం 34 నుంచి 78కి నిటారుగా లేచింది. ఆ బిడ్డ కష్టానికి మేమందరం సంతోషించాం. కానీ ఆ ఒక్క గీత పక్కనపెట్టి చూస్తే, మిగిలిన 13 మంది సగటు పెరుగుదల 15 మార్కులే. అప్పుడు రెండు గుంపుల మధ్య మిగిలే తేడా ఒక మార్కు. పాతిక మందిలో ఒక మార్కు తేడాను చూపి “మా వల్లే” అనలేం. అలాగని ట్యూషన్ దండగ అనీ అనలేం. రాని పిల్లల్లో కొందరు సాయంత్రం దుకాణాల్లో పని చేస్తారు, కొందరు దూరం నుంచి వచ్చే ఆడపిల్లలు. రెండు గుంపుల పరిస్థితులే వేరు కాబట్టి, ఈ ఒక్క ఏడాది అంకెలతో ఏ వైపూ తీర్పు చెప్పలేం.

అయితే ఆ గీతల పటమే మరో మాట స్పష్టంగా చెప్పింది. అర్ధ సంవత్సరంలో 35 మార్కుల లోపు వచ్చినవారు 9 మంది. వారిలో ట్యూషన్‌కు వచ్చినవారు ముగ్గురే. మీ డబ్బు ఎవరికోసం ఇచ్చారో, వారిలో ఎక్కువమంది గడప దాటి లోపలికే రాలేదు. ఇది అనుమానం మీద చెప్పే మాట కాదు. హాజరుపట్టీ, మార్కుల పట్టీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టిన మాట.

కాబట్టి నివేదికలో మొదటి వాక్యం కొట్టేసి ఇలా రాశాం: “2023 జూన్‌లో మన బడిలో ఉన్నవారిలో టీసీ తీసుకున్న ఒకరు పోగా మిగిలిన 28 మందిలో 23 మంది పాసయ్యారు, ఇద్దరు తప్పారు, ముగ్గురు పరీక్ష రాయలేదు. ఫలితం నిరుటికంటే మెరుగ్గా ఉంది. రాష్ట్రమంతటా కూడా ఫలితాలు పెరిగాయి. ట్యూషన్ వల్ల ఎంత మేలు జరిగిందో ఈ అంకెలతో తేల్చలేం. అవసరం ఎక్కువున్న 9 మందిలో 6 మందికి ట్యూషన్ అందలేదు.”

పటాల్లో పిల్లల పేర్లు ఎక్కడా వేయలేదు. ఇంత చిన్న బడిలో పేరు వేయకపోయినా తప్పినవారెవరో మొహల్లాకు తెలిసిపోవచ్చు. అందుకే గీతల పటాన్ని కమిటీ వరకే ఉంచి, ఈ సంచికలో కడ్డీల పటం, గళ్ల పటం మాత్రమే ఇచ్చాం.

ఈ నివేదిక చదివి ఖజాంచీ సాహెబ్, “దాతలు నిరాశపడతారేమో మాస్టారూ?” అన్నారు. ఆ భయం మాకూ ఉంది. కానీ 92 శాతం అని గొప్పగా చెప్పి, వచ్చే ఏడు పాతిక మందిలో నలుగురు తప్పితే 84 శాతమని తల వంచుకుని నిలబడాలి. అప్పుడు ట్యూషన్ చెడిపోయిందని మీరనుకుంటారు. నిజానికి ఏమీ మారి ఉండకపోవచ్చు.

ఈ ఏడు రెండు మార్పులు చేయమని కమిటీని కోరాం. ట్యూషన్‌లో మొదటి సీట్లు 35 లోపు మార్కులున్నవారికి ఇవ్వాలి. దూరపు ఆడపిల్లలకు ఆటో ఖర్చు అదే పద్దులో కలపాలి. మా వంతుగా, ట్యూషన్ మొదలయ్యే రోజు ఒకసారి, ముగిసే రోజు ఒకసారి పిల్లలందరికీ, వచ్చినవారికీ రానివారికీ, ఒకే రకం ప్రశ్నపత్రం పెట్టి మార్కులు, హాజరు రాసి ఉంచుతాం. వచ్చే వార్షిక సభలో ఆ గళ్ల కాగితం మళ్లీ మీ ముందు పెడతాం. అప్పుడు ముందుగా ఖాళీ గళ్లు ఎన్నో లెక్కపెట్టి అడగండి, ఇన్షా అల్లాహ్ జవాబు చెబుతాం.