ఒక వెల్డ్ ఎన్ని లారీల్ని మోస్తుంది?

అమెరికాలో, కనెక్టికట్‌లోని యెల్లో మిల్ పాండ్ వంతెన గర్డర్‌లో 1970లో పగులు కనిపించింది. ఎక్కడో తెలుసా? అడుగున వెల్డ్ చేసిన కవర్ ప్లేటు ముగిసే చోట.

లారీ వెళ్ళిన ప్రతిసారీ అక్కడ స్ట్రెస్ పెరిగి, తగ్గుతుంది. ఆ తేడానే స్ట్రెస్ రేంజ్. ఇలాంటి డీటెయిల్‌ని యూరోకోడ్ ప్రకారం కేటగిరీ 50 అనుకుందాం. అంటే 50 మెగాపాస్కల్ రేంజ్‌ని 20 లక్షల సార్లు తట్టుకుంటుందన్నమాట. మరి రేంజ్ 40 అయితే?

```
N = 2000000 × (50/40)^3 ≈ 3900000
```

లారీకి ఒక సైకిల్ చొప్పున, రోజుకి వెయ్యి లారీలు వెళ్తే పదేళ్ళు దాటుతుంది. అదే రేంజ్ 80 అయితే ఆయుష్షు సగం కాదండీ, ఎనిమిదో వంతే! ఏడాదిన్నర కూడా రాదు.

ఇంకా గట్టి గ్రేడ్ స్టీల్ వాడితే? లాభం లేదు. పగులు మొదలయ్యేది వెల్డ్ అంచులోని సన్నని లోపాల దగ్గర, గ్రేడ్ మార్చినా అవి అక్కడే ఉంటాయి. ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే ఆ అంచు వెంబడి పెయింట్ మీద సన్నటి తుప్పు గీత ఉందేమో ముందు చూడండి.