ఒకే పట్టికకు ఇరవై ప్రశ్నలు



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల బోరునీటిలోని ఫ్లోరైడ్ సమస్య మనకు తెలిసినదే. విద్యార్థులు 60 బోర్ల నీటిని పరీక్షించి, ఫ్లోరైడుకు బోరు లోతు, చెరువు దూరం వంటి 20 అంశాలతో సంబంధం ఉన్నదా అని పరిశీలించారనుకుందాం.

ఏ సంబంధమూ లేకపోయినా, ఒక్కొక్క పరీక్షలో యాదృచ్ఛికంగా ‘ఉన్నది’ అని తేలే అవకాశాన్ని సాధారణంగా నూటికి 5గా అంగీకరిస్తాం. పరస్పర సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఒక్కటైనా అలా తేలే అవకాశం నూటికి 64. ఆ ఒక్కదానిని నమ్మి, చెరువు దగ్గరి నీరు క్షేమమని ఊరంతా త్రాగవచ్చు.

దీనికి సులభమైన సవరణ బాన్‌ఫెరోని పద్ధతి. 0.05ను 20తో భాగిస్తే 0.0025 వస్తుంది, అంతకు మించని ఫలితమే నిలుస్తుంది. లోతుకు 0.001, చెరువు దూరానికి 0.03 వస్తే, మొదటిదే నిలుస్తుంది. అయితే ఈ కొలత కఠినం. నిజమైన సంబంధాన్నీ జారవిడువవచ్చు. కనుక రెండవదానిని అబద్ధమని త్రోసివేయక, కొత్త బోర్ల నీటితో ఆ ఒక్క ప్రశ్ననే తిరిగి పరీక్షించాలి.

విద్యార్థి మిగిలిన 19 ఫలితాలను దాచితే, దేనితో భాగించాలో చదువరికి తెలియదు. అందుచేత నివేదికలో మొదట వ్రాయవలసినది, ఎన్ని ప్రశ్నలు అడిగామన్నదే.