రేపు డ్యూటీ ఉందా, లేదా?

సోదరులారా, హోటళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో పనిచేసే మనవాళ్ళకి ఒక బాధ ఉంది. రేపు డ్యూటీ ఉందో లేదో రాత్రి వరకు తెలియదు. బుకింగులు వస్తాయి, రద్దవుతాయి. మీలో డ్యూటీ లిస్టు రాసే సూపర్‌వైజర్లు కూడా ఉన్నారు కనుక ఒక పద్ధతి చెబుతాను.

20 మంది ఉన్నారనుకోండి. బుకింగులు తక్కువున్నా రోజూ 12 మంది కావాలి, ఎక్కువైతే 16 మంది. ఆ 12 మంది పేర్లు వచ్చేవారానికి గురువారమే రాసి బోర్డు మీద పెట్టండి. మరో నలుగురు స్టాండ్‌బై. ఎవరి వంతు ఏ రోజో అదే లిస్టులో ఉండాలి. రావాలో వద్దో ముందురోజు సాయంత్రం 6 గంటల లోపు చెప్పాలి. మిగిలిన నలుగురికి సెలవు, వాళ్ళని కదపకండి. స్టాండ్‌బై వాళ్ళని దాదాపు రోజూ పిలవాల్సి వస్తోందంటే 12 అనే లెక్క తప్పు. దాన్ని 14 చేయండి.

మనిషి చాలక ఉన్నవాళ్ళనే ఆపితే చట్టం ఉంది. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉన్న యు.ఎ.ఇ. కార్మిక చట్టం ప్రకారం మామూలు పని రోజుకు 8 గంటలు. ఓవర్‌టైము సాధారణంగా 2 గంటలు దాటకూడదు. దానికి మూల వేతనంపై కనీసం 25 శాతం అదనం, అంటే 2 గంటలకు రెండున్నర గంటల జీతం. వారం సెలవునాడు పిలిస్తే బదులు సెలవు ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతంతోపాటు మూల వేతనంలో కనీసం 50 శాతం అదనంగా ఇవ్వాలి.

లిస్టుని ఫోనులో ఫోటో తీసి, చేసిన గంటలు రోజూ రాసుకోండి. జీతంలో తేడా వస్తే అదే మీ సాక్ష్యం.