పీసీఓఎస్: ఏ మందు దేనికి?

పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల తల్లులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా అమ్మాయి ఆరు నెలలుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. గడ్డం మీద వెంట్రుకలు తగ్గలేదు. మానేయమంటారా?"

మాన్పించకండి. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా పనిచేసేది ఇన్సులిన్ మీద. షుగర్ అదుపులో ఉందా, నెలసరి కొంత క్రమంలోకి వచ్చిందా అన్నదే దాని ఫలితం. మన దక్షిణాసియా వాళ్లకు షుగర్ ముప్పు ఎక్కువ కదా. మొదట్లో కడుపులో తిప్పడం, విరేచనాలు మామూలే. అందుకే సాధారణంగా 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, భోజనంతో పాటు ఇస్తూ, మెల్లగా పెంచుతారు.

వెంట్రుకలకు కారణం ఆండ్రోజెన్లు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, వాటికి ముందు గర్భనిరోధక మాత్రలు, లేజర్ వంటివి వాడి చూడాలి. ఆరు నెలలైనా ఫలితం చాలకపోతే అప్పుడు స్పైరోనోలాక్టోన్ వంటి మందు ఆలోచిస్తారు. వెంట్రుక నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి దీనికీ కనీసం ఆరు నెలలు పడుతుంది. అప్పటికీ వెంట్రుకలు పలచబడతాయి తప్ప పూర్తిగా పోవు. షుగర్ ముప్పును ఈ మందు తీర్చదు.

ఒక్క జాగ్రత్త. "పెళ్లికాని పిల్లకు గర్భనిరోధక మాత్రలెందుకు?" అని కొందరు ఇంట్లో ఆపేయిస్తారు. స్పైరోనోలాక్టోన్ వేసుకుంటూ గర్భం వస్తే మగ శిశువు జననాంగాల ఎదుగుదల దెబ్బతినవచ్చు. పైగా ఈ మందు ఒక్కటే వాడితే నెలసరి తప్పవచ్చు. ఆ మాత్రలు ఆపే ముందు డాక్టరును అడగండి.