ఇల్లు రాసిచ్చే ముందు కాయిదం చదివించుకోవాలె

నేను పది వరకే చదివిన. అయినా ఈ ఏడాది ఒక గిఫ్ట్ డీడ్‌కు సాక్షిగా పోయిన. అక్కడ చూసింది మీకు చెప్తా.

మా సంఘంలో ఒక పెద్దమ్మకు అరవై దాటినయి. ఊర్లో రెండు గదుల ఇల్లు ఆమె సొంత పేరు మీదనే ఉంది. చిన్న బిడ్డనే చూసుకుంటున్నది గనుక ఆమెకే రాసిస్తానన్నది. ఇల్లు చనిపోయిన పెనిమిటి పేరు మీద ఉంటే కథ వేరే. అప్పుడు పిల్లలందరికీ వాటా ఉంటది, తల్లి తన వాటా మాత్రమే ఇయ్యగలదు.

డాక్యుమెంట్ రైటర్ ముసాయిదా రాసి, ఏలిముద్ర వెయ్యమన్నడు. నేను ఆపి చదివిన. "ఈ రోజు నుంచి సర్వహక్కులు నీవే" అని ఉంది. పెద్దమ్మేమో "నేను సచ్చిపోయినంక బిడ్డకు పోతది గదా" అనుకుంటున్నది! అట్ల కావాలంటే వీలునామా రాయాలె, దాన్ని బతికున్నన్ని రోజులు మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయితే ఇల్లు అప్పుడే పోయినట్టు. మనసు మారిందని వాపసు తీసుకునుడు కుదరదు.

అందుకే రెండు మాటలు రాయించినం. ఒకటి, బతికున్నన్ని రోజులు ఆ ఇంట్లనే ఉండే హక్కు ఆమెకు ఉంటది. రెండు, బిడ్డ తిండి, బట్ట, మందులు చూడాలె, ఆ షరతు మీదనే ఇస్తున్నది. 2007ల వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, అరవై దాటినోళ్లు ఇట్ల షరతుతో ఇచ్చి, తర్వాత చూడకపోతే, ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు పోయి ఆ డీడ్ రద్దు చేయించమని అడగొచ్చు. షరతు నోటిమాటగా ఉంటే రుజువు చేసుడు కష్టం. రైటర్ కొంచెం గుర్రుగా చూసిండు గాని రాసిండు.

స్టాంపు డ్యూటీ మనం చెప్పిన ధర మీద కాదు, సర్కారు మార్కెట్ విలువ మీద లెక్కగడ్తరు. సొంత కుటుంబంలోకి ఇస్తే అమ్మకం కంటే తక్కువ పడ్తది, అందుకే డీడ్‌లో "నా కూతురు" అని చుట్టరికం స్పష్టంగా ఉండాలె. పైసలు ఇచ్చినప్పుడు చలానా అడగండి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అండ్ల వేరువేరుగా ఉంటయి. మిగిలింది రైటర్ కూలి. మాకు అదంతా కలిపి ఒకటే లెక్క చెప్పిండు, చలానా చూసినంకనే తెలిసింది.

సాక్షులు ఇద్దరు తక్కువ కాకుండా ఉండాలె. ఆఫీసు ముందు నిలబడ్డోళ్లను పిలవకండి. రేపు పంచాయితీ వస్తే వచ్చి చెప్పేటోళ్లు కావాలె. ఆమె ఏలిముద్ర వేసుడు చూసినంకనే నేను సంతకం పెట్టిన, ఇంకో సాక్షి వాళ్ల మేనబావ. బిడ్డ కూడా "తీసుకుంటున్న" అని ఒప్పుకొని సంతకం చేసింది. ఇచ్చినామె బతికి ఉండంగనే ఈ ఒప్పుకోలు జరగాలె.

ఇది ఇంటి సంగతి. అదే వ్యవసాయ భూమి అయితే సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి కాదు, తహసీల్దార్ ఆఫీసుల భూభారతిల చేయించాలె.

అసలు కాయిదం ఇప్పుడు బిడ్డ దగ్గర ఉంది. సర్టిఫైడ్ కాపీ తీయించి పెద్దమ్మ ట్రంకు పెట్టెల పెట్టినం.